ప్లస్సులెన్ని, మైనస్సులెన్ని?

2x² + 5y² + z² + 8xy + 4xz + 14yz అనే సమాసాన్ని చూడండి. గుణకాలన్నీ ధన సంఖ్యలే. x, y, z లకు ధన విలువలిస్తే జవాబూ ధనమే వస్తుంది. రుణ విలువలు కూడా ఇవ్వవచ్చంటే మాత్రం కథ మారుతుంది. x = −2, y = 1, z = 0 అనుకుంటే 8 + 5 − 16, అంటే −3 వస్తుంది. పైకి అంతా ప్లస్సుల మయంగా కనిపించే ఈ సమాసంలో ఎక్కడో ఒక మైనస్సు దాగి ఉందన్నమాట. ఒకటేనా, ఇంకా ఉన్నాయా?

దాన్ని బయటికి లాగడానికి ఇంటర్మీడియట్ విద్యార్థికి తెలిసిన పద్ధతే చాలు: పూర్తి వర్గాలుగా రాయడం. ముందుగా x ఉన్న పదాలన్నిటినీ ఒక వర్గంలో ఇమిడ్చి, మిగిలిన దానిలో y కి అదే పని చేస్తే ఇలా తేలుతుంది:

```
2(x + 2y + z)² − 3(y − z)² + 2z²
```

రెండు ప్లస్సులు, ఒక మైనస్సు. మరో విద్యార్థి x తో కాకుండా z తో మొదలుపెట్టాడనుకుందాం. అతనికి వచ్చేది వేరే రూపం:

```
(2x + 7y + z)² − 2(x + 5y)² + 6y²
```

మొదటివాడి గుణకాలు 2, −3, 2. రెండోవాడివి 1, −2, 6. ఒక్క అంకె కూడా కలవలేదు, అయినా ఇద్దరిదీ తప్పు కాదు. విప్పి చూసుకుంటే రెండూ అదే సమాసం. కలిసింది ఒక్కటే: ఇద్దరికీ రెండు ప్లస్సులు, ఒక మైనస్సు వచ్చాయి. ఇది కాకతాళీయం కాదు. ఏ దారిన వెళ్లినా ఈ లెక్క మారదని 1852లో ఇంగ్లండు గణితవేత్త జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ ప్రకటించాడు. దానికి 'జడత్వ నియమం' అని పేరు పెట్టినవాడూ ఆయనే. కొత్త పేర్లు పెట్టడం ఆయనకు సరదా. 'మ్యాట్రిక్స్' అనే మాటను గణితంలోకి తెచ్చిందీ ఆయనే, అంతకు రెండేళ్ల ముందు. జర్మన్ గణితవేత్త యాకోబీకి ఈ సంగతి అంతకుముందే తెలుసు గానీ, 1851లో ఆయన చనిపోయిన తర్వాత, 1857లో గానీ ఆ వ్యాసం అచ్చు కాలేదు. పేరు సిల్వెస్టర్‌కే దక్కింది.

ఇప్పుడు ఈ సమాసాన్ని మాత్రికగా రాద్దాం. వర్గాల గుణకాలు వికర్ణం మీద కూర్చుంటాయి. xy లాంటి పదాల గుణకాన్ని సగం చేసి, వికర్ణానికి అటూ ఇటూ పంచుతాం.

```
2  4  2
4  5  7
2  7  1
```

అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చినా ఇది మారదు. అందుకే సౌష్ఠవ మాత్రిక అంటారు. ఇలాంటి మాత్రికకు కొన్ని ప్రత్యేకమైన దిక్కులుంటాయి. ఆ దిక్కులో ఉన్న సదిశను మాత్రికతో గుణిస్తే అది పక్కకు తిరగదు, అదే గీత మీద సాగడమో కుంచించుకోవడమో వెనక్కి తిరగడమో జరుగుతుంది. ఎన్ని రెట్లు అన్న సంఖ్యే ఐగెన్ విలువ. సౌష్ఠవ మాత్రికల గొప్ప సుగుణం ఏమిటంటే, ఈ దిక్కులను ఒకదానికొకటి లంబంగా ఎంచుకోవచ్చు, ఐగెన్ విలువలన్నీ వాస్తవ సంఖ్యలే అవుతాయి. మన మాత్రికకు అవి సుమారుగా 12.19, 0.22, −4.41.

ఇక్కడా రెండు ధనం, ఒకటి రుణం. కారణం సులువే. ఆ లంబ దిక్కులనే కొత్త అక్షాలుగా తీసుకుంటే మన సమాసం మూడు వర్గాల మొత్తంగా మారిపోతుంది, వాటి గుణకాలు ఐగెన్ విలువలే. అంటే ఐగెన్ విలువలు కూడా పూర్తి వర్గాలుగా రాసే దారుల్లో ఒకటి, మూడో విద్యార్థి జవాబు లాంటిది. ఆ దారి మాత్రం కష్టమైనది. ఈ మూడు విలువల కోసం ఒక ఘన సమీకరణాన్ని సాధించాలి. మాత్రిక పరిమాణం అయిదు, అంతకు మించితే ఐగెన్ విలువలు చెప్పే సాధారణ బీజగణిత సూత్రమే లేదు. గుర్తుల లెక్క ఒక్కటే కావాలంటే ఆ కష్టం అక్కర్లేదు, కూడికలు, గుణకారాలు, భాగహారాలు చాలు.

ఇలా చలరాశులను మార్చి రాయడాన్ని మాత్రికల భాషలో కాంగ్రుయెన్స్ అంటారు. A అనే మాత్రిక SᵀAS అవుతుంది. ఇక్కడ S విలోమం ఉన్న మాత్రిక కావాలి, అంటే కొత్త చలరాశుల నుంచి పాతవాటికి తిరిగి రాగలగాలి. ఒక చలరాశిని పది రెట్లు చేస్తే దాని వర్గం గుణకం వంద రెట్లు మారుతుంది, వంద ధన సంఖ్య గనుక గుర్తు మారదు. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. చలరాశులను ఒకదానిలో ఒకటి కలిపేసినా లెక్క ఎందుకు చెదరదన్నదే అసలు ప్రశ్న.

మొదటి విద్యార్థి రూపానికే తిరిగి వద్దాం. y = z అనుకుంటే మధ్యలోని మైనస్సు పదం మాయమై, 2(x + 3y)² + 2y² మిగులుతుంది. y = z అనే షరతు త్రిపరిమాణ అంతరాళంలో మూలబిందువు గుండా పోయే ఒక తలం. ఆ తలంలో, మూలబిందువు తప్ప ఎక్కడ నిలబడినా మన సమాసం విలువ ధనమే. ఇప్పుడు ఇంకెవరో వచ్చి, 'నాకు రెండు మైనస్సులు, ఒకే ఒక ప్లస్సు వచ్చాయి' అన్నారనుకుందాం. వారి ప్లస్సు వర్గం లోపలి భాగాన్ని సున్నా చేస్తే మరో తలం వస్తుంది. ఆ తలంలో, మూలబిందువు తప్ప ఎక్కడ చూసినా విలువ రుణమే కావాలి. కానీ మూలబిందువు గుండా పోయే రెండు తలాలు త్రిపరిమాణంలో కనీసం ఒక సరళరేఖ మీదయినా కలవక తప్పదు. ఆ రేఖ మీద విలువ ఒకేసారి ధనమూ రుణమూ కావాలి. అది అసాధ్యం. కనుక ఆ వచ్చినవారి లెక్క తప్పు.

ఉపపత్తి మొత్తం ఇంతే. మూడుకు బదులు మూడు వేల చలరాశులున్నా వాదన ఇదే: ఇద్దరి లెక్కలు తేడాగా ఉంటే, ధనంగా మాత్రమే ఉండాల్సిన ఉపాంతరాళమూ ధనం కాకూడని ఉపాంతరాళమూ రెండూ మరీ పెద్దవై, ఒకదానికొకటి తగలకుండా ఇమడలేవు. సున్నాల సంఖ్య సంగతి ఇంకా సులువు. విలోమం ఉన్న మార్పిడి ఏ దిక్కునూ నలిపి సున్నా చేయదు, సున్నా దిక్కును లేపి నిలబెట్టనూ లేదు. ప్లస్సులూ సున్నాలూ స్థిరంగా ఉంటే మిగిలిన మైనస్సులూ స్థిరమే.

తిరిగి రాగల మార్పిడి అన్న షరతును మరిస్తే ఏమవుతుందో ఒక చిన్న ఉదాహరణ చెబుతుంది. x² + 2y² ను (x + y)² + (x − y)² − x² అని కూడా రాయవచ్చు. మూడు వర్గాలు, అందులో ఒక మైనస్సు! కానీ సమాసం ఎప్పుడూ రుణం కాదు. రెండే చలరాశులున్నచోట మూడు వర్గాలు రాశాం గనుక అవి ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డాయి, ఆ మైనస్సుకు అర్థం లేదు.

విద్యార్థులు తరచూ చేసే పొరపాటు మరొకటి. వికర్ణం మీద సున్నాలూ పక్కన ఒకట్లూ ఉన్న 2×2 మాత్రికను తీసుకోండి. దాని సమాసం 2xy. మొదటి స్థానంలో సున్నా ఉంది గనుక భాగించలేక, అడ్డు వరుసలను తారుమారు చేశారనుకోండి. వెంటనే వికర్ణం మీద రెండు ఒకట్లు కనిపిస్తాయి, రెండు ప్లస్సులని రాసేస్తారు. నిజానికి దాని ఐగెన్ విలువలు 1, −1. అడ్డు వరుసకు ఏం చేస్తే నిలువు వరుసకూ అదే చేయాలి, SᵀAS లో S రెండు వైపులా ఉండటానికి అర్థం అదే. ఇక్కడ రెండూ తారుమారు చేస్తే మాత్రిక మొదటికే వస్తుంది. సరైన మార్గం x + y, x − y లను కొత్త చలరాశులుగా తీసుకోవడం. అప్పుడు 2xy అన్నది (x + y)²/2 − (x − y)²/2 అవుతుంది, ఒక ప్లస్సు, ఒక మైనస్సు. కంప్యూటరు ప్రోగ్రాములు ఇలాంటి చోట ఒక్కో సంఖ్యతో కాకుండా 2×2 ముక్కతో ముందుకు పోతాయి. 1977లో బంచ్, కాఫ్‌మన్ చెప్పిన పద్ధతి అదే. పైథాన్ వాడేవారికి `scipy.linalg.ldl` రూపంలో అందుబాటులో ఉంది.

ఈ గుర్తుల లెక్కతో ఐగెన్ విలువలు ఎక్కడున్నాయో కూడా పసిగట్టవచ్చు. మన మాత్రిక వికర్ణం నుంచి 1 తీసేస్తే ప్రతి ఐగెన్ విలువా 1 తగ్గుతుంది. వికర్ణం 1, 4, 0 అవుతుంది. మళ్లీ వర్గాలు పూర్తి చేస్తే గుణకాలు 1, −12, సుమారు −3.92 వస్తాయి. మైనస్సులు రెండు. అంటే అసలు మాత్రికకు 1 కంటే తక్కువైన ఐగెన్ విలువలు రెండు. 0 కంటే తక్కువైనది ఒక్కటే అని ముందే తేలింది. కనుక 0కీ 1కీ మధ్య కచ్చితంగా ఒకటుంది. 0.22 అని చెప్పకుండానే దాని చోటు దొరికింది.

భవనాల, యంత్రాల కంపనాలను లెక్కించే ఇంజనీర్లు దీన్ని తనిఖీకి వాడతారు. నిర్మాణం దృఢత్వ మాత్రిక K, ద్రవ్యరాశి మాత్రిక M. 33 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం ఉన్న కంపన రీతులన్నీ కావాలనుకుందాం. σ అంటే 2π × 33 వర్గం, దాదాపు 43,000. K − σM ను వికర్ణ రూపానికి తెచ్చి మైనస్సులను లెక్కిస్తే, ఆ హద్దుకు దిగువన రీతులు ఎన్నో తెలిసిపోతుంది. లెక్క 25 అని చెబుతుంటే ప్రోగ్రాము 24 రీతులే ఇచ్చిందంటే, ఒకటి జారిపోయిందని అర్థం. M కలిసినా ఫలితం చెల్లడానికి కారణం కాంగ్రుయెన్సే. M ధనాత్మకం గనుక, దాన్ని ఏకాంశ మాత్రికగా మార్చే మార్పిడిని రెండు వైపులా ప్రయోగించినా గుర్తులు మారవు.

సున్నాలకూ ఇక్కడ పని ఉంది. శ్రీహరికోట నుంచి పైకి లేచిన రాకెట్టును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. దాని దృఢత్వ మాత్రికకు ఆరు సున్నా ఐగెన్ విలువలుండాలి: మూడు దిక్కుల్లో జరగడానికి మూడు, మూడు అక్షాల చుట్టూ తిరగడానికి మూడు. ఈ కదలికల్లో ఏ భాగమూ సాగదు, వంగదు. నమూనాలో ఏడో సున్నా కనిపిస్తే, ఏదో ఒక భాగాన్ని మిగతా వాటితో సరిగా కలపలేదేమోనని వెతకాలి.

అయితే కంప్యూటరుకు సున్నా అంత తేలిగ్గా దొరకదు. దశాంశాలను ఒక హద్దు దగ్గర కత్తిరించి దాచుకుంటుంది గనుక, సున్నా రావాల్సిన చోట 0.0000000000000001 లాంటి సంఖ్య వస్తుంది, దాని గుర్తు ప్లస్సైనా కావచ్చు, మైనస్సైనా కావచ్చు. అందుకే మాత్రికలోని సంఖ్యల పరిమాణంతో పోల్చి, అతి చిన్నగా ఉన్న గుణకాల గుర్తును నమ్మకూడదు. పైన చెప్పిన తనిఖీలోనూ హద్దు సరిగ్గా ఒక ఐగెన్ విలువ మీదే పడితే ఇదే చిక్కు. అలాంటప్పుడు హద్దును కొంచెం అటో ఇటో జరిపి మళ్లీ లెక్కిస్తే సరిపోతుంది.