ఎమ్మా విసుగును మోసిన వాక్యం

ఫ్రెంచి రచయిత గుస్తావ్ ఫ్లోబేర్ నవల ‘మదాం బోవరీ’ 1857లో పుస్తకంగా వచ్చింది. అందులో మొదటి భాగం, తొమ్మిదో అధ్యాయంలో ఒక పొడవాటి వాక్యం ఉంది. చిన్న ఊళ్లో వైద్యం చేసుకునే షార్ల్, అతని భార్య ఎమ్మా భోజనానికి కూర్చునే సందర్భం అది. గొడవ లేదు, కన్నీళ్లు లేవు. అయినా ఆ కాపురం ఆమెకెంత భారమైందో ఆ వాక్యం నడకే చెప్పేస్తుంది.

భోజనాల వేళే తనకు మరీ భరించరానిదన్న సంగతితో వాక్యం మొదలవుతుంది. అక్కడితో ఆగిపోవచ్చు, కానీ ఆగదు. కింది అంతస్తులోని చిన్న గది, పొగ చిమ్మే పొయ్యి, కిర్రుమనే తలుపు, చెమ్మ ఊరే గోడలు, తడి గచ్చు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. పొయ్యికీ తలుపుకీ గోడలకీ ఒకే అచ్చు: వస్తువు, అది చేసే పని. గచ్చు దగ్గరికొచ్చేసరికి ఆ పని కూడా పోయి ఉత్త తడి మిగులుతుంది. వీటి మధ్య ‘అందువల్ల’, ‘కాబట్టి’ వంటి మాటలు లేవు. ఎటూ పోలేని మనిషి చూపు నాలుగు గోడల మధ్య తిరిగినట్టే వాక్యమూ తిరుగుతుంది.

తర్వాత, ఫుల్‌స్టాప్ లేకుండానే, వాక్యం గదిలోంచి మనసులోకి జారుతుంది. బతుకులోని చేదంతా ఆమె కంచంలోకి వచ్చి పడుతుంది. ఉడికిన మాంసం ఆవిరితో పాటే లోపలి వెగటూ పైకి లేస్తుంది. గది ఎక్కడ ముగిసిందో, దిగులు ఎక్కడ మొదలైందో ఆమె విడదీసుకోలేదు. అందుకే వాక్యమూ విడదీయదు. పైగా క్రియలన్నీ ‘జరిగింది’ అనే తీరులో కాక ‘జరుగుతూ ఉండేది’ అనే తీరులో ఉన్నాయి. ఇది ఒకనాటి భోజనం కాదు, రోజూ ఇంతే.

ఆ వెంటనే షార్ల్ నెమ్మదిగా తింటాడన్న చిన్న ముక్క వస్తుంది. అంత పొడవు తర్వాత వచ్చింది కాబట్టే అది అంత బరువుగా తగులుతుంది.

జర్మన్ విమర్శకుడు ఎరిక్ ఔవర్‌బాఖ్ 1946లో వెలువడిన ‘మిమెసిస్’లో ఈ ఘట్టాన్నే పరిశీలించాడు. అనుభవం ఎమ్మాదే గానీ, దాన్ని ఇంత స్పష్టంగా చెప్పగల మాటలు ఆమెకు లేవని, వాటిని రచయిత సమకూర్చాడని అతని వాదన.

అలాగని పొడవాటి వాక్యమంటే విసుగే అనుకోకూడదు. రెండో భాగంలో ఎమ్మా ప్రియుడితో పారిపోయే కల కంటుంది. అక్కడా వాక్యాలు పొడవే, క్రియలదీ అదే తీరు. కానీ గుర్రాలు దౌడు తీస్తుంటాయి, నగరాలు, వంతెనలు, ఓడలు కళ్లముందు మారిపోతుంటాయి. కాబట్టి పొడవును కొలిస్తే చాలదు. వాక్యం ముందుకు కదులుతోందా, ఉన్నచోటే పేరుకుపోతోందా అన్నది చూడాలి.

మీరు చదివే నవలలో పొడవాటి వాక్యం ఎదురైతే దాన్ని నాలుగు చిన్న వాక్యాలుగా విడగొట్టి చదవండి. సమాచారం మిగిలి మనఃస్థితి చెదిరిపోతే ఆ పొడవు అవసరమైనదే. ఏదీ చెదరకపోతే అది రచయిత అదుపు చేసుకోలేకపోయిన వాక్యం.