అభిరుచి తెలియని సహోద్యోగికి పదవీ విరమణ పుస్తకం

ప్రభుత్వ ఉద్యోగి పదవీ విరమణ తేదీ చాలా ముందుగానే తెలిసిపోతుంది. పుట్టిన నెల చివరి రోజే ఆఖరి పనిదినం. ఒకటో తేదీన పుట్టినవారైతే అంతకు ముందు నెల చివరి రోజు. ఆ వయసు ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 62, తెలంగాణ ఉద్యోగులకు 61. ఇంత వ్యవధి ఉన్నా కానుక ఆలోచన మాత్రం చివరి వారంలోనే వస్తుంది. శాలువా, దండ, జ్ఞాపిక ఖాయమయ్యాక ఒక మంచి పుస్తకం కూడా ఇస్తే బాగుంటుందని ఎవరో అంటారు. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఇరవై ఏళ్లు పక్క సీట్లో కూర్చున్నవారికి కూడా ఆ మనిషి ఇంట్లో ఏం చదువుతారో తెలియదు.

నేరుగా అడిగితే పని జరగదు. “మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?” అన్న ప్రశ్నకు మర్యాద కొద్దీ “ఏదైనా పర్వాలేదండీ” అనే జవాబే వస్తుంది. అభిరుచి తెలియకపోయినా ఆ మనిషికి దేనితో పరిచయం ఉందో కార్యాలయంలో చాలామందికి తెలుసు. సొంత ఊరు తెలుసు. ఏ జిల్లాల్లో బదిలీల మీద పనిచేశారో తెలుసు. ఏ కాలంలో కాలేజీ చదివారో లెక్క వేయవచ్చు. పుస్తకాన్ని అభిరుచి మీద కాక ఈ పరిచయం మీద ఎంచుకుంటే గురి తప్పే అవకాశం బాగా తగ్గుతుంది.

మొదట తేలాల్సింది చదివే భాష. ఇంట్లో తెలుగు మాట్లాడేవారందరూ తెలుగులో పుస్తకం చదవరు. చదువంతా ఇంగ్లిష్ మీడియంలో సాగినవారికి ఫైళ్లలో తెలుగు నోట్ రాయడం అలవాటైనా, రెండు వందల పేజీల తెలుగు పుస్తకం భారంగా ఉండవచ్చు. హైదరాబాద్ కార్యాలయాల్లో ఉర్దూ మీడియంలో చదివినవారూ ఉంటారు. దీన్ని కనిపెట్టడానికి పరిశోధన అక్కర్లేదు. ఉదయం ఆఫీసుకు వచ్చే పత్రికల్లో ముందు ఏది చేతిలోకి తీసుకుంటారు, అందులో ఏ పేజీ తిప్పుతారు, ఫోన్‌లో వచ్చే పొడవైన తెలుగు సందేశాలను చివరిదాకా చదువుతారా అన్నది ఒక వారం గమనిస్తే చాలు. ఆదివారం అనుబంధంలోని కథ గురించి సోమవారం ఎప్పుడైనా మాట్లాడి ఉంటే అంతకంటే మంచి ఆధారం లేదు.

కాలం గురించి అడగాల్సిన ప్రశ్న వేరు. “కాలేజీ రోజుల్లో ఏ వారపత్రిక కోసం ఎదురుచూసేవారు?” అని భోజనాల వేళ అడిగితే మనిషి వెంటనే మాటల్లో పడతారు. ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నవారి యవ్వనం 1980లలో గడిచింది. అది వారపత్రికల సీరియళ్లు ఇంటింటా చదివిన కాలం. యండమూరి వీరేంద్రనాథ్, యద్దనపూడి సులోచనారాణి, మల్లాది వెంకట కృష్ణమూర్తి పేర్లు ఆనాటి పాఠకులకు సుపరిచితం. జవాబులో ఒక రచయిత పేరు వస్తే దారి దొరికినట్టే. “సీరియళ్లు మా అక్క చదివేది, నేను చందమామ దాటలేదు” అన్నా అది ఉపయోగపడే సమాచారమే. నవల జోలికి పోకుండా చిన్న కథల వైపు, బొమ్మలున్న పుస్తకాల వైపు వెళ్లాలని ఆ మాటే చెబుతుంది.

తర్వాత చూడాల్సింది పుస్తకం ఆకారం. అరవై దాటిన కళ్లకు అక్షరం పరిమాణం అసలు విషయమంత ముఖ్యం. తెలుగు లిపిలో ఒత్తులు, గుణింతాలు చిన్నవిగా పడితే లక్ష్మి, రాష్ట్రం లాంటి మాటల్లో అక్షరం కింద నల్లటి మచ్చ మాత్రమే మిగులుతుంది. కొట్లోనే పుస్తకాన్ని మూరెడు దూరంలో పట్టుకుని, మామూలు ట్యూబ్‌లైటు వెలుగులో ఒక పేజీ చదివి చూడాలి. నలభై ఏళ్ల కళ్లకే ఒత్తులు కలిసిపోతున్నట్టు కనిపిస్తే ఆ ముద్రణ పనికిరాదు. పేజీ వెనుక అచ్చు ముందుకు కనిపించేంత పలుచని కాగితమైనా అంతే. పుస్తకాన్ని మధ్యలో తెరిచి బల్ల మీద పెట్టినప్పుడు కాస్త ఒత్తితే తెరుచుకుని ఉండాలి. గట్టిగా అతికించిన లావు పుస్తకం రెండు చేతులతో అదిమి పట్టుకుంటే తప్ప నిలవదు, పడక్కుర్చీలో చదివేవారి మణికట్టు పది నిమిషాల్లోనే నొప్పి పుడుతుంది.

అందుకే గొప్ప పుస్తకం అన్న ఒకే కారణంతో బృహద్గ్రంథాన్ని ఎంచుకోవడం సరికాదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ తెలుగులో పెద్ద నవల, పరిమాణంలోనూ పెద్దదే. దాన్ని కోరుకునే పాఠకుడి దగ్గర అది ఇప్పటికే ఉంటుంది. కోరుకోని వారి ఇంట్లో అలమరలో అలంకారంగా నిలుస్తుంది. అభిరుచి తెలియనివారికి ఎక్కడ తెరిచినా మొదలుపెట్టగలిగే పుస్తకం కావాలి. నాలుగైదు పేజీల్లో ముగిసే కథలు, విడివిడి అధ్యాయాల జ్ఞాపకాలు, హాస్య రచనలు ఈ అవసరాన్ని తీరుస్తాయి. ఒకటి నచ్చకపోతే పాఠకుడు పుస్తకం మూసేయడు, తర్వాతి దానికి వెళ్తాడు.

ఈ రకంలో తెలుగుకు ఉన్న పెద్ద సంపద ఒక ఊరి చుట్టూ, ఒక ప్రాంతం చుట్టూ అల్లిన కథల సంపుటాలు. కృష్ణ ఒడ్డున సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’, గోదావరి సీమకు వంశీ ‘మా పసలపూడి కథలు’, చిత్తూరు పల్లెకు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మిట్టూరోడి కథలు’, నెల్లూరు జిల్లా ముస్లిం కుటుంబాల బాల్యానికి మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, పాలమూరు పల్లె మాటకు పి. యశోదారెడ్డి కథలు ఉన్నాయి. సాహిత్యం అంటే ఆసక్తి లేనివారికి కూడా సొంత ప్రాంతపు యాస, తిండి, చెరువుగట్టు, జాతర ఆసక్తి కలిగిస్తాయి. అయితే పుట్టిన జిల్లా ఒకటి, పెరిగిన జిల్లా మరొకటి కావచ్చు. ఎక్కడి ముచ్చట్లు చెబుతారో ఆ ప్రాంతాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ప్రాంతం ఆధారం కాకపోతే హాస్యం, సినిమా జ్ఞాపకాలు నమ్మదగిన దారులు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మూడు భాగాల నవల అయినా, మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండు బయల్దేరిన మొదటి భాగం విడిగా చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ ‘కోతి కొమ్మచ్చి’ బాపు బొమ్మలతో, పాత సినిమాల కబుర్లతో సాగుతుంది. బాపు రమణల సినిమాలు చూసినవారికి అందులోని మనుషులు ముందే పరిచయం.

పక్కన పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. పదవీ విరమణ తర్వాత ఎలా బతకాలో, పెన్షన్ సొమ్ము ఎలా దాచుకోవాలో, మోకాళ్లు ఎలా కాపాడుకోవాలో చెప్పే పుస్తకాలు ఎంత మంచివైనా ఆ రోజున నువ్వు ముసలివాడివయ్యావు అని చెప్పినట్టే వినిపిస్తాయి. భగవద్గీత, మరే మతగ్రంథమైనా ఇచ్చేవారి ఊహ మీద ఆధారపడిన కానుక. భక్తులైతే తమ గురువు వ్యాఖ్యానం ఉన్న ప్రతి ఇంట్లో ఉంటుంది, కాకపోతే ఇబ్బంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, నవీన్ ‘అంపశయ్య’ తెలుగు నవలా చరిత్రలో నిలిచిన రచనలే. అయినా వేదిక మీద కాగితం విప్పి పేరు పైకి చదివే సందర్భంలో అవి వద్దు. అట్ట మీది పేరును ఆ సభలో వినిపించేలా ఒకసారి పైకి చదివి చూసుకోవాలి.

ఈ క్రమం ఆచరణలో ఎలా సాగుతుందో చూడటానికి గుంటూరులోని ఒక ఖజానా కార్యాలయాన్ని ఊహించుకోవచ్చు. సీనియర్ అకౌంటెంటుగా ఉన్న ఒక మేడమ్ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. పుస్తకం చేతిలో ఆమెను ఎవరూ చూడలేదు. మే చివర నుంచి గమనిస్తే, పత్రికలో జిల్లా పేజీలు ముందు చదువుతారని, కళ్లజోడు ఉన్నా ట్రెజరీ బిల్లుల చిన్న అంకెలకు పక్కవారిని అడుగుతారని తేలింది. చిన్నతనం కృష్ణ ఒడ్డు పల్లెలో గడిచిందని, వరదల సంగతులు తరచూ చెబుతారని అందరికీ తెలుసు. వారపత్రిక ప్రశ్నకు, సీరియల్ మధ్యలో ఆపితే తిరిగి అందుకునే ఓపిక ఉండేది కాదని జవాబు వచ్చింది. భాష తెలుగు, పెద్ద అక్షరం, చిన్న రచనలు, కృష్ణాతీరం అన్న నాలుగు ఆధారాలూ ‘అమరావతి కథలు’ వైపే చూపిస్తాయి. వారపత్రికలో వచ్చిన వంద కథలవి, ఒక్కొక్కటి కొద్ది పేజీలే. బాపు బొమ్మలున్నాయి. 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పుస్తకం కాబట్టి పదిమంది ముందు ఇవ్వడానికి గౌరవంగానూ ఉంటుంది.

ఇంతటి ప్రసిద్ధ పుస్తకానికి ఉన్న ఒకే ప్రమాదం, అది ఇంట్లో ఇప్పటికే ఉండటం. దానికి ఇంట్లోవారికి ఒక ఫోన్ చేస్తే చాలు. కొడుకో కూతురో అలమర చూసి చెబుతారు. ఆమె కళ్లకు చూపించే వీలు లేదు కనుక ఆ వయసు మరొకరిని కొట్టుకు తీసుకెళ్లి ముద్రణ చదివించి చూడటం మేలు. అక్షరం చిన్నదైతే వేరే ముద్రణ ఉందా అని అడగాలి, లేకపోతే ‘కోతి కొమ్మచ్చి’ లాంటి రెండో ఎంపికకు రావాలి. చందా మొత్తం ఎక్కువ మిగిలిందని ఒక ఖరీదైన సంపుటం కొనడం కంటే, స్వభావంలో వేరైన రెండు చిన్న పుస్తకాలు కొనడం తెలివైన పని. రెండింటిలో ఒకటి నచ్చినా కానుక ఫలించినట్టే.

చివరిది సంతకాల సంగతి. మొదటి ఖాళీ పేజీలో అందరూ పేర్లు రాస్తే ఆ పుస్తకాన్ని కొట్టువారు మార్చి ఇవ్వరు. ఉన్న పుస్తకమే మళ్లీ వచ్చినా, నచ్చకపోయినా ఆమె ఏమీ చేయలేరు. పేర్లు, తేదీ, కార్యాలయం పేరు గట్టి కాగితపు చీటీ మీద రాసి పుస్తకంలో పెడితే పేజీ గుర్తుగానూ పనికొస్తుంది. ఎన్ని రోజుల్లోగా మార్చి ఇస్తారో కొనేటప్పుడే అడిగి, రసీదును ఇంట్లోవారికి ఇవ్వాలి. పుస్తకం మార్చుకున్నా చీటీ ఆమె దగ్గరే ఉంటుంది, కొత్త పుస్తకంలోకి మారుతుంది.