కంపెనీ మారితే షుగరుకు వెయిటింగ్ మళ్లీ మొదటికొస్తుందా?

షుగరో బీపీయో ఉన్నవాళ్లు ఆరోగ్య బీమా కంపెనీ మారడానికి జంకుతారు. ఇన్నేళ్లు ఓపికపట్టిన వెయిటింగ్ పీరియడ్ నీళ్లపాలవుతుందేమోనని వాళ్ల భయం. పోర్టబిలిటీ కింద మారితే అలా కాదు. గడిచిన కాలం మనతోనే కొత్త కంపెనీకి వస్తుంది. కానీ ఎంత మొత్తానికి వస్తుందన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు.

పాలసీ తీసుకునే ముందు 36 నెలల్లో డాక్టరు గుర్తించిన లేదా చికిత్స చేసిన జబ్బును ముందునుంచీ ఉన్నదిగా లెక్కిస్తారు. వెయిటింగ్ ముగిసేదాకా ఆ జబ్బుకూ, దానివల్ల నేరుగా వచ్చే చిక్కులకూ ఆసుపత్రి ఖర్చు రాదు. ఈ గడువు 36 నెలలు మించకూడదని హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిర్ణయించింది. అంతకుముందు 48 నెలల దాకా ఉండేది.

ఒక ఉదాహరణ చూద్దాం. షుగరు ఉన్న ఒకావిడ 2024 జూలై 1న 5 లక్షల పాలసీ తీసుకుంది. షుగరు సంగతి ఫారంలో రాసింది. వెయిటింగ్ 36 నెలలు. రెండేళ్లు ఆగకుండా కట్టి, 2026 జూలై 1న వేరే కంపెనీకి మారుతూ బీమా మొత్తాన్ని 10 లక్షలకు పెంచింది. అక్కడా వెయిటింగ్ 36 నెలలే. పాత 5 లక్షల వరకు 24 నెలలు గడిచిపోయాయి కనుక ఇంకా 12 నెలలే మిగిలాయి. అది 2027 జూన్ నెలాఖరుతో తీరిపోతుంది. కొత్తగా కలిసిన 5 లక్షలకు మాత్రం మారిన రోజు నుంచి 36 నెలలు, అంటే 2029 జూన్ దాకా ఆగాలి.

ఈలోగా, 2027 సెప్టెంబరులో, షుగరు వల్ల కాలికి పుండుపడి ఆసుపత్రి బిల్లు 7 లక్షలయిందనుకోండి. పాలసీ 10 లక్షలదే అయినా 5 లక్షలకు మించి రాదు. మిగతా 2 లక్షలు ఇంట్లోంచి పెట్టుకోవాల్సిందే. అదే డెంగీ బిల్లయితే ఈ అడ్డు ఉండదు. పాత పాలసీలో పోగైన బోనస్ ఉంటే, ఆ మేరకు కూడా గడిచిన కాలం కలుస్తుంది.

లెక్క కుటుంబంలో ఒక్కొక్కరికీ వేరు. భర్తను ఏడాది తర్వాత పాలసీలో చేర్చి ఉంటే ఆయనకు 12 నెలలే గడిచినట్టు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పోర్టింగ్ చేయకుండా కొత్త పాలసీ అంటగట్టడం. బయటికి రెండూ ఒకలాగే కనబడతాయి, కానీ రెండోదాంట్లో గడిచిన కాలమంతా సున్నా. అందుకే పాలసీ చేతికి రాగానే షెడ్యూల్ కాగితం తీయండి. మొదటి పాలసీ ప్రారంభ తేదీ, ఒక్కొక్కరికీ మిగిలిన వెయిటింగ్ అందులో సరిగా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించండి. పోర్టింగ్ కాకుండా కొత్త పాలసీగా ఇచ్చి ఉంటే, వద్దనుకుని వెనక్కిచ్చేందుకు 30 రోజుల గడువుంది.

కొత్త కంపెనీ మన ఆరోగ్యం చూసి కాదనవచ్చు కూడా. అందుకని రెన్యువల్ తేదీకి నెలన్నర ముందే దరఖాస్తు పెట్టండి. ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా పాత పాలసీని వదులుకోవద్దు.