తక్కువ మార్కులొచ్చిందే అసలు లోపమా?

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యేటప్పుడు చాలాచోట్ల బిల్లుతోపాటు ఓ కాగితం కూడా చేతిలో పెడతారు. నర్సులు బాగా చూసుకున్నారా? భోజనం ఎలా ఉంది? గది శుభ్రంగా ఉందా? ఇలా వరసగా ప్రశ్నలు. చివర్లో ఓ పెద్ద ప్రశ్న... మొత్తమ్మీద మా ఆసుపత్రికి పదికి ఎన్ని మార్కులిస్తారు? ఇంటికెళ్లే తొందరలో చకచకా టిక్కులు పెట్టేసి వచ్చేస్తాం. మరి ఆ కాగితాలను చూసి ఏది మార్చాలో వాళ్లెలా తేల్చుకుంటారు?

మామూలుగా చేసే పని, ఒక్కో ప్రశ్నకూ సగటు తీయడం. దేనికి తక్కువ మార్కులొస్తే ముందు దాన్ని బాగుచేయడం. వినడానికి సబబుగానే ఉంది. కానీ సాంబారు చప్పగా ఉందని రాసినవాళ్లలో చాలామంది దాన్ని గేటు దాటగానే మర్చిపోవచ్చు. అర్ధరాత్రి నొప్పితో బెల్లు నొక్కితే ఎవరూ రాకపోతే మాత్రం ఆ సంగతి ఏళ్ల తరబడి బంధువులందరికీ చెబుతారు. రెండూ ఫిర్యాదులే, బరువులే వేరు.

పోనీ, మీకు ఏది ముఖ్యమని నేరుగా అడిగేస్తే? అన్నీ ముఖ్యమేనంటారు! అందుకే గణాంక నిపుణులు ఆ ప్రశ్న అడగకుండానే జవాబు రాబట్టే దారి వెతికారు. ఒక్కో అంశానికీ ఇచ్చిన మార్కులు మారినప్పుడు మొత్తం మార్కులు ఎంత మారుతున్నాయో లెక్కగట్టడమే ఆ దారి. దీన్నే 'కీ డ్రైవర్ ఎనాలిసిస్' అంటారు. అందులో వాడే పనిముట్టు పేరు రిగ్రెషన్.

రెండొందల కాగితాలు... ఒక లెక్క

అర్థం కావడానికి ఓ ఊహా ఆసుపత్రిని తీసుకుందాం. 200 మంది కాగితాలు నింపారు. ప్రశ్నలు రెండే: నర్సుల సేవ బాగుందా, భోజనం బాగుందా? భోజనం బాగాలేదన్నవాళ్లు 100 మంది. నర్సుల సేవ బాగాలేదన్నవాళ్లు 80 మంది. అంటే ఫిర్యాదులు భోజనంమీదే ఎక్కువ. పైగా భోజనం బాగుందన్నవాళ్లు ఆసుపత్రికి సగటున 8.4 మార్కులిస్తే, బాగాలేదన్నవాళ్లు 6.7 ఇచ్చారు. తేడా 1.7. ఇంకేం, వంటవాణ్ని మార్చేయాల్సిందే అనిపిస్తుంది.

ఆగండి. ఆ 200 మందినీ నాలుగు గుంపులుగా విడదీసి చూద్దాం.

రెండూ బాగున్నాయన్నవాళ్లు 80 మంది, సగటు 9 మార్కులు.
నర్సులు బాగు, భోజనం బాగాలేదన్నవాళ్లు 40 మంది, సగటు 8.5.
భోజనం బాగు, నర్సులు బాగాలేదన్నవాళ్లు 20 మంది, సగటు 6.
రెండూ బాగాలేవన్నవాళ్లు 60 మంది, సగటు 5.5.

ఇప్పుడు నర్సుల సేవ బాగుందన్న మొదటి రెండు గుంపుల్నే పోల్చండి. భోజనంవల్ల వచ్చిన తేడా 9కీ 8.5కీ మధ్య... అరమార్కు! నర్సులు బాగాలేదన్న గుంపుల్లోనూ అంతే, 6కీ 5.5కీ తేడా అరమార్కే. మరి ఇందాకటి 1.7 ఎక్కణ్నుంచి వచ్చింది? భోజనం నచ్చినవాళ్లలో ఎక్కువమందికి నర్సుల సేవ కూడా నచ్చింది. ఆ మంచిపేరు భోజనం ఖాతాలో పడిపోయింది. అదే భోజనం మాట పక్కనపెట్టి నర్సుల తేడా చూస్తే 8.5కీ 5.5కీ మధ్య ఏకంగా మూడు మార్కులు.

మిగతావన్నీ సమానంగా ఉంచి ఒక్కదాని ప్రభావాన్నే విడదీయడం... రిగ్రెషన్ చేసేది సరిగ్గా ఇదే. ప్రశ్నలు రెండే కాబట్టి మనం చేత్తో చేసేశాం. అవును, కాదు అనే ప్రశ్నలు పది ఉంటే గుంపులు 1024 అవుతాయి. అన్ని గుంపుల్లోకీ సరిపడా రోగులు దొరకరు. అందుకే కంప్యూటరు అన్ని కాగితాలనూ ఒకేసారి తీసుకుని ఒక్కో అంశానికీ ఒక్కో అంకె లెక్కగడుతుంది. మన ఉదాహరణలో నర్సులకు 3, భోజనానికి 0.5.

ఇక నిర్ణయం తేలికే. ఇప్పుడు ఆసుపత్రి సగటు 7.55. ఆ అంకెలు నిజంగా ప్రభావాన్నే చూపిస్తున్నాయనుకుంటే, వంద మంది భోజనం ఫిర్యాదులూ తీర్చేసినా సగటు 7.8 అవుతుంది. నర్సులమీదున్న 80 ఫిర్యాదులు తీరిస్తే 8.75కు చేరుతుంది. లోపం ఎంతమందికి కనిపించిందన్నది ఒక లెక్క. అది ఎంత గట్టిగా తగిలిందన్నది మరో లెక్క. రెండూ కలిపి చూడాలి.

అమెరికాలో ఇలాంటి కాగితాలు జాతీయస్థాయిలోనే సేకరిస్తున్నారు. 'హెచ్‌క్యాప్స్' అనే ఆ సర్వే 2006లో దేశమంతటా మొదలైంది. 2008 నుంచి ఆసుపత్రులవారీగా ఫలితాలను జనం ముందు పెడుతున్నారు. అందులోనూ మొత్తం మార్కులు సున్నా నుంచి పది వరకూ. ఆ సమాచారంమీద జరిగిన విశ్లేషణల్లో మొత్తం మార్కులతో బాగా ముడిపడి ఉన్నట్టు పదేపదే తేలింది గది కాదు, నర్సులు! వాళ్లు మర్యాదగా మాట్లాడటం, చెప్పింది ఓపిగ్గా వినడం, అర్థమయ్యేలా వివరించడం.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

మన ఉదాహరణలో అసలు ఆధారం మధ్యనున్న రెండు గుంపులు. ఒకటి నచ్చి రెండోది నచ్చని ఆ 60 మందీ లేకపోతే దేని వాటా ఎంతో విడదీయలేం. నిజమైన సర్వేల్లో వచ్చే చిక్కే ఇది. నర్సులు నచ్చినవాళ్లకు డాక్టరూ నచ్చుతాడు, గదీ నచ్చుతుంది. కొందరైతే చదవకుండానే అన్నింటికీ ఒకే వరసలో టిక్కులు పెట్టేస్తారు. అప్పుడు కంప్యూటరిచ్చే అంకెలు నిలకడగా ఉండవు. ఒక్కోసారి శుభ్రత పెరిగితే సంతృప్తి తగ్గుతుందన్నట్టు మైనస్ గుర్తు కూడా వస్తుంది. దీన్ని పసిగట్టే ఉపాయం ఒకటుంది. కాగితాలను ఇష్టమొచ్చినట్టు రెండు కట్టలు చేసి వేర్వేరుగా లెక్కగట్టాలి. ఒక కట్టలో మొదటి స్థానంలో ఉన్నది రెండోదాంట్లో అడుక్కిపోతే ఆ జాబితాను నమ్మకూడదు.

ఇలాంటప్పుడు నిపుణులు వాడే పద్ధతికి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న లాయిడ్ షాప్లీ 1953లో చెప్పిన ఆలోచనే మూలం. నలుగురు కలిసి సంపాదించిన సొమ్ములో ఎవరి వాటా ఎంత? ఒక్కొక్కరూ ముందొచ్చినప్పుడూ తరవాతొచ్చినప్పుడూ ఎంత కలిపారో, అన్ని వరసల్లోనూ చూసి సగటు తీయడమే. అంశాలనూ అలాగే ఒకదాని తరవాత ఒకటి లెక్కలో చేర్చి చూస్తారు. అంకెల ఊగిసలాట బాగా తగ్గుతుంది.

ఇంకో చిక్కూ ఉంది. ఆపరేషన్ థియేటరు శుభ్రతకు అందరూ ఒకే మార్కు ఇచ్చారనుకోండి. మార్పే లేనిచోట ప్రభావం కొలవడం కుదరదు. జాబితాలో దాని పేరే ఉండదు. అంటే అది ముఖ్యం కాదనా? కానేకాదు. ఇవాళ అందరికీ బాగానే అందుతోందని మాత్రమే. అది చూసి అక్కడ ఖర్చు కోస్తే కొంప మునుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం... కలిసి కనిపించినంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. జబ్బు త్వరగా నయమైన మనిషికి నర్సూ నచ్చుతుంది, ఆసుపత్రీ నచ్చుతుంది. హెచ్‌క్యాప్స్‌లో ఆసుపత్రులను పోల్చేటప్పుడు రోగి వయసు, చదువు, ఆరోగ్య పరిస్థితివల్ల వచ్చే తేడాలను సర్దుబాటు చేసేది అందుకే. కాబట్టి ఈ జాబితా తీర్పు కాదు, ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఆచూకీ. ఆ తరవాత ఒక వార్డులో రాత్రిపూట నర్సుల సంఖ్య పెంచి, అలాంటిదే మరో వార్డును ఉన్నదున్నట్టు ఉంచి, కొన్నాళ్లకు రెండింటి మార్కులూ పోల్చాలి. అప్పుడే అసలు సంగతి తేలుతుంది.

ఈసారి అలాంటి కాగితం చేతికొస్తే ఓ రెండు నిమిషాలు కేటాయించండి. సాంబారు నచ్చకపోయినా నర్సమ్మ నచ్చితే ఆ తేడా అలాగే రాయండి. లెక్కకు కావాల్సింది ఆ తేడాయే!