స్విచ్చులు రెండుసార్లు, డిస్కౌంట్ ఒక్కసారి

సప్లయర్ పంపిన బిల్లులో తప్పు దొర్లితే చిన్న దుకాణదారులు చాలామంది ఫోన్ చేస్తారు. "చూస్తాం అన్నా, వచ్చే బిల్లులో సర్దేస్తాం" అని అటునుంచి జవాబు వస్తుంది. రెండు నెలలు గడిచాక ఏ బిల్లు, ఎంత తేడా అనేది ఇద్దరికీ గుర్తుండదు. సప్లయర్ ఖాతాలో మాత్రం ఆ డబ్బు బాకీగానే కనిపిస్తుంది. ఇలాంటి చోట ఒక పేజీ ఉత్తరం ఏం చేయగలదో, దాన్ని ఎలా రాయాలో ఒక ఎలక్ట్రికల్ షాపు ఉదాహరణతో చూద్దాం.

షాపుకు వచ్చిన బిల్లులో నాలుగు వరుసలున్నాయి. మొదటిది వైరు: 20 కాయిల్స్, కాయిల్ లిస్ట్ ధర 2,400, మొత్తం 48,000. అందులో 40 శాతం డిస్కౌంట్ తీసి 28,800 వేశారు. రెండోది స్విచ్చులు, 200 పీసులు, 7,000. మూడోది ఎల్‌ఈడీ బల్బులు, 8,000. నాలుగో వరుసలో మళ్లీ స్విచ్చులు, ఈసారి 10 బాక్సులు, 7,000. మొత్తం 50,800. దానిమీద 18 శాతం జీఎస్టీ 9,144 కలిపితే 59,944 రూపాయలు.

పెట్టెకు 20 చొప్పున 10 బాక్సులంటే 200 పీసులే. సేల్స్‌మన్ రాసుకెళ్లిన ఆర్డరు పీసుల్లోనూ, ఫోన్లో చెప్పినది బాక్సుల్లోనూ ఎక్కితే బిల్లు కొట్టేవాళ్లకు అవి రెండు వేర్వేరు సరుకుల్లా కనిపిస్తాయి. అలాగని ఒకే పేరు రెండు వరుసల్లో ఉన్నంత మాత్రాన తప్పనుకోకూడదు. తెల్లవి, ఐవరీవి వేర్వేరుగా వేసి ఉండొచ్చు. పాత ఎమ్మార్పీ, కొత్త ఎమ్మార్పీ సరుకు కలిసి వచ్చి ఉండొచ్చు. కాబట్టి ఐటమ్ కోడ్ చూడాలి, షాపులోకి దిగిన పెట్టెలు లెక్కపెట్టాలి, డెలివరీ చలానాతోనూ ట్రాన్స్‌పోర్టు రసీదు మీది పార్సిళ్ల సంఖ్యతోనూ పోల్చాలి. మన ఉదాహరణలో దిగినవి 10 బాక్సులే, చలానాలో ఉన్నవీ 10 బాక్సులే.

ఇక డిస్కౌంట్ సంగతి. వైరు మీద కుదిరిన మాట "40 ప్లస్ 5". దీన్ని 45 శాతం అనుకుంటే లెక్క తప్పుతుంది. 100 రూపాయల లిస్ట్ ధరలో ముందు 40 పోతే 60 మిగులుతుంది. ఆ 60 మీద 5 శాతం, అంటే 3 రూపాయలు పోతే 57. అసలు తగ్గింపు 43 శాతమే. కాబట్టి వైరుకు పడాల్సింది 27,360. బిల్లులో ఎక్కువ పడింది 1,440 రూపాయలు. 45 శాతం లెక్కన అడిగితే తేడా 2,400 అవుతుంది. అలా 960 రూపాయలు ఎక్కువ అడిగిన ఉత్తరాన్ని సప్లయర్ అకౌంటెంట్ మొదటి చూపులోనే పక్కన పెడతాడు. దాంతో న్యాయంగా రావాల్సిన 7,000 కూడా ఆగిపోతుంది.

రెండు తేడాలూ కలిపితే 8,440. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ మొత్తం మీద పడిన 18 శాతం పన్ను, 1,519.20 కూడా తిరిగి రావాలి. కలిపితే 9,959.20 రూపాయలు.

ఇప్పుడు ఉత్తరం:

"తేదీ: 9 ఆగస్టు 2025
అకౌంట్స్ మేనేజర్ గారికి,
విషయం: మీ బిల్లు నం. 1142, తేదీ 6-8-2025లో రెండు సవరణలు.

అయ్యా, పై బిల్లు సరుకు 8-8-2025న మాకు ముట్టింది. బిల్లుతో సరిచూడగా రెండు తేడాలు కనిపించాయి.

1. వరుస 2లో 200 పీసులుగా, వరుస 4లో 10 బాక్సులుగా వేసిన స్విచ్చులు ఒకే సరుకు. మాకు అందినవి 10 బాక్సులు మాత్రమే. ఎక్కువ పడినది: రూ. 7,000.

2. వైరుకు మీ కొటేషన్ ప్రకారం 40+5 డిస్కౌంట్ రావాలి. బిల్లులో 40 మాత్రమే ఇచ్చారు. రూ. 28,800 బదులు రూ. 27,360 పడాలి. ఎక్కువ పడినది: రూ. 1,440.

రెండూ కలిపి రూ. 8,440, జీఎస్టీ రూ. 1,519.20, మొత్తం రూ. 9,959.20. ఈ మొత్తానికి పై బిల్లు నంబరు చూపుతూ క్రెడిట్ నోట్ ఇవ్వగలరు. తేడా లేని రూ. 49,984.80 గడువులోగా చెల్లిస్తాము. బిల్లు, డెలివరీ చలానా, కొటేషన్ నకళ్లు జతచేస్తున్నాము.
ఇట్లు,
ప్రొప్రైటర్ (సంతకం, షాపు ముద్ర)"

ఇందులో కోపం లేదు, పాత తగాదాల ప్రస్తావన లేదు. చదివే అకౌంటెంట్‌కు కావలసినవన్నీ ఉన్నాయి: ఏ వరుస, ఎంత పడింది, ఎంత పడాలి, రుజువు ఏది. తేడా లేని సొమ్ము కడతానని చెప్పడం వల్ల డబ్బు ఎగ్గొట్టడానికి సాకు వెతుకుతున్నాడనే మాట రాదు, కొత్త సరుకు పంపడమూ ఆపరు.

"వచ్చే బిల్లులో సర్దుతాం" అనే మాటకు ఒప్పుకోకుండా క్రెడిట్ నోటే అడగడానికి కారణం పన్ను. బిల్లులో విలువ గానీ పన్ను గానీ ఎక్కువ పడితే సరుకు అమ్మినవాళ్లు క్రెడిట్ నోట్ ఇవ్వడానికి సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ దారి చూపిస్తుంది. కొన్నవాళ్లు తమ పుస్తకాల్లో డెబిట్ నోట్ రాసుకోవచ్చు. అది ఖాతా కోసమే, దానితో సప్లయర్ కట్టాల్సిన పన్ను తగ్గదు. మరోవైపు, అందని సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. రెండోసారి పడిన స్విచ్చుల మీది 1,260 రూపాయల పన్నును క్రెడిట్‌గా వాడుకుంటే తర్వాత ఇబ్బంది షాపు యజమానికే. కాంపోజిషన్ పథకంలో ఉన్న షాపుకు అసలు క్రెడిటే రాదు కాబట్టి ఎక్కువ కట్టిన పన్ను నేరుగా జేబులోంచి పోయినట్టే.

ఎంత త్వరగా రాస్తే అంత తేలిక. సప్లయర్‌ది ఈ-ఇన్‌వాయిస్ అయితే పోర్టల్‌లో దాన్ని 24 గంటల్లోపే రద్దు చేయగలరు. ఆ తర్వాత క్రెడిట్ నోటే మార్గం. దానికీ గడువుంది: ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా సప్లయర్ వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది. 2025 ఆగస్టు బిల్లుకు 2026 నవంబరు 30 దాటితే సప్లయర్ తన పన్ను తగ్గించుకోలేడు. అప్పుడు తిరిగి ఇవ్వడానికి అతనికి మనసు రాదు.

సప్లయర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారు అయితే ఇంకో తేదీ చూసుకోవాలి. ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలిపితే, ఆ అభ్యంతరం తీరిన రోజునే సరుకు ఒప్పుకున్న రోజుగా లెక్కిస్తారు. చెల్లింపు గడువు దాన్నిబట్టి మొదలవుతుంది. ఫోన్లో చెప్పిన మాటకు ఆ విలువ లేదు.

కాబట్టి సరుకు దిగిన రోజే బిల్లు వరుస వరుసా సరిచూడండి. తేడా ఉంటే ఆ వారంలోనే రాయండి. ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో పంపి, నకలును బిల్లుకు పిన్ను చేసి ఉంచండి. క్రెడిట్ నోట్ చేతికొచ్చాక, అది మీ జీఎస్టీఆర్-2బీలో కనిపించిందో లేదో కూడా చూసుకున్న తర్వాతే ఆ లెక్క తేలినట్టు.