జనాభా, జీవ సముదాయం, ఆవరణ వ్యవస్థ: నేలపట్టు చెరువు చెప్పే తేడా

జనాభా, జీవ సముదాయం, ఆవరణ వ్యవస్థ అనేవి ప్రకృతిని చూసే మూడు స్థాయిలు. ఒక ప్రాంతంలో ఒకే కాలంలో జీవించే ఒకే జాతి జీవులన్నీ కలిస్తే జనాభా. అదే ప్రాంతంలో ఉంటూ ఒకదానితో ఒకటి సంబంధం కలిగిన వేర్వేరు జాతుల జనాభాలన్నీ కలిస్తే జీవ సముదాయం. ఆ సముదాయానికి నీరు, మట్టి, గాలి, ఎండ, లవణాల వంటి నిర్జీవ అంశాలను చేర్చి, రెంటి మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలతో సహా చూస్తే ఆవరణ వ్యవస్థ. నిర్వచనాలు ఇంత చిన్నవే అయినా, డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులు వ్యాసం రాసేటప్పుడు ఒకదాని లక్షణాన్ని మరొకదానికి అంటగడుతుంటారు. ఒక్క చోటును ఎంచుకుని మూడు స్థాయిల్లోనూ పరిశీలిస్తే ఈ గందరగోళం తీరుతుంది. అందుకు తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం చక్కగా సరిపోతుంది.

నేలపట్టు చెరువులో నీళ్లలోనే కడప చెట్లు పెరుగుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే గూడబాతులు వచ్చి ఈ చెట్ల మీద గూళ్లు కడతాయి. మేతకు మాత్రం దగ్గరలోని పులికాట్ సరస్సుకు వెళ్లి, చేపలతో తిరిగివచ్చి పిల్లలను పోషిస్తాయి.

ఈ సీజన్‌లో నేలపట్టులో ఉన్న గూడబాతులన్నీ కలిసి ఒక జనాభా. ఈ స్థాయిలో అడిగే ప్రశ్నలు సంఖ్యకు సంబంధించినవి: ఎన్ని ఉన్నాయి, ఎంత విస్తీర్ణంలో ఉన్నాయి, వాటిలో పిల్లలెన్ని, గుడ్లు పెట్టే వయసువి ఎన్ని, సంఖ్య పెరుగుతోందా తరుగుతోందా? జననాల రేటు, మరణాల రేటు, సాంద్రత, వయోవిభజన అనేవి ఒక్క పక్షికి ఉండని, జనాభాకు మాత్రమే ఉండే లక్షణాలు. ఒక పక్షి పుడుతుంది, చనిపోతుంది. జనన రేటు మాత్రం గుంపుదే.

జనాభా సంఖ్యను మార్చేవి నాలుగే: జననాలు, మరణాలు, బయటినుంచి వచ్చి చేరేవి, బయటికి వెళ్లిపోయేవి. లెక్క అర్థం కావడానికి కొన్ని ఊహా సంఖ్యలు తీసుకోవచ్చు. సీజన్ మొదట్లో 1,000 గూడబాతులున్నాయి. 600 పిల్లలు పుట్టాయి. పెద్దవీ పిల్లలూ కలిపి 250 చనిపోయాయి. మరో 50 కొత్తగా వచ్చి చేరాయి, 900 వెళ్లిపోయాయి. అప్పుడు 1,000 + 600 − 250 + 50 − 900 = 500. మొదటి, చివరి సంఖ్యలను మాత్రమే చూసినవారు సగం పక్షులు చనిపోయాయని అనుకుంటారు. నిజానికి జననాలు మరణాల కంటే 350 ఎక్కువ. సంఖ్య తగ్గింది వలస వల్ల. అందుకే తగ్గుదల కనిపించినప్పుడు దానికి నాలుగింటిలో ఏది కారణమో తేల్చాకే మాట్లాడాలి.

నేలపట్టులో గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చీకటి కొంగలు కూడా గూళ్లు కడతాయి. ‘నేలపట్టు పక్షుల జనాభా’ అని రాయడం తరచూ కనిపించే పొరపాటు. అవి ఎన్నో జాతులు కాబట్టి వాటన్నింటినీ కలిపి ఒక జనాభా అనలేం. అలాగని ఈ పక్షులే మొత్తం సముదాయమూ కావు. కడప చెట్లు, చెరువులోని నాచు, నత్తలు, చేపలు, కప్పలు, పురుగులు, అడుగు బురదలో కుళ్లిన పదార్థాన్ని విడగొట్టే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు అన్నీ కలిస్తేనే నేలపట్టు జీవ సముదాయం. కంటికి కనిపించని సూక్ష్మజీవులను వదిలేస్తే ఆ జాబితా పూర్తికాదు.

సముదాయ స్థాయిలో ప్రశ్నలు మారతాయి. ఎన్ని జాతులున్నాయి, వాటిలో దేని ప్రాబల్యం ఎక్కువ, ఏది దేన్ని తింటుంది, ఏది దేనితో పోటీపడుతుంది అని అడుగుతాం. గూళ్లకు అనువైన కొమ్మల కోసం ఈ పక్షుల మధ్య పోటీ ఉంటుంది. తిండి దగ్గర మాత్రం ఆ పోటీ చాలావరకు తగ్గుతుంది. గూడబాతు తన పెద్ద సంచి ముక్కుతో చేపలు పడుతుంది. నీటికాకి మునిగి చిన్న చేపలను వెంటాడుతుంది. నత్తగుల్ల కొంగకు నత్తలే ప్రధాన ఆహారం. చీకటి కొంగ ఎక్కువగా రాత్రిళ్లు వేటాడుతుంది. ఒకే చెట్టు మీద ఇన్ని జాతులు కాపురముండటానికి ఈ పంపకం ఒక ముఖ్య కారణం. ఒక్క జాతిని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఈ సంగతి బయటపడదు.

ఇక్కడికి నీటినీ నేలనూ ఎండనూ చేరిస్తే ఆవరణ వ్యవస్థ అవుతుంది. ఈ భావనకు పేరుపెట్టినది బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్‌స్లే, 1935లో. నిర్జీవ అంశాలను జాబితాలో చేర్చి ఊరుకుంటే చాలదు. వాటికీ జీవులకూ మధ్య పదార్థం, శక్తి ఎలా కదులుతున్నాయో చెప్పాలి. గూడబాతులు పులికాట్‌లో చేపలు తిని నేలపట్టులో రెట్టవేస్తాయి. రెట్టలోని నత్రజని, భాస్వరం చెరువు నీటిలో కలుస్తాయి. వాటితో నాచు పెరుగుతుంది, నాచును చిన్న జీవులు తింటాయి, అవి చేపలకు ఆహారమవుతాయి. చచ్చినవాటిని సూక్ష్మజీవులు విడగొట్టి పోషకాలను మళ్లీ నీటికి అందిస్తాయి. పోషకాలు ఇలా చుట్టూ తిరుగుతాయి. శక్తి తిరగదు, సూర్యుడి నుంచి మొక్కలకు, వాటి నుంచి జంతువులకు చేరుతూ అడుగడుగునా వేడిగా మారి పోతుంది. అందుకే ఆవరణ వ్యవస్థకు ఎండ ఎప్పటికప్పుడు అందుతూ ఉండాలి.

పులికాట్ చేపల్లోని భాస్వరం నేలపట్టు నీటిలోకి చేరుతోందంటే, ఈ రెండు ఆవరణ వ్యవస్థల మధ్య గోడ లేదన్నమాట. చెరువును మాత్రమే అధ్యయనం చేస్తే దాన్ని ఒక వ్యవస్థగా తీసుకుని, పులికాట్ నుంచి వచ్చే పోషకాలను బయటినుంచి వచ్చిన రాబడిగా చూపవచ్చు. రెండింటినీ కలిపి ఒకే పెద్ద వ్యవస్థగానూ తీసుకోవచ్చు. ఏది తీసుకున్నా ఆ హద్దును వ్యాసం మొదట్లోనే చెప్పాలి. జనాభాకూ ఇదే వర్తిస్తుంది: ఏ జాతి, ఏ చోటు, ఏ కాలం అన్న మూడూ చెప్పకుండా ఇచ్చిన సంఖ్యకు అర్థం ఉండదు.

మూడు స్థాయిల తేడా ఒకే సంఘటనలో మరింత స్పష్టమవుతుంది. ఒక ఏడాది ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసి, చెరువు నిండలేదనుకుందాం. చెట్ల చుట్టూ నీళ్లు లేకపోతే నేలమీది వేటజంతువులు గూళ్ల కిందికి రాగలవు. గూడబాతులు ఆ ఏడాది వేరే చోటు చూసుకుంటాయి. జనాభా స్థాయిలో చెప్పాల్సింది పక్షుల సంఖ్య తగ్గిందని, దానికి కారణం మరణాలు కాదు, వలస అని. నీళ్లు నిండిన మరుసటి సీజన్‌లో పెద్ద పక్షులు మళ్లీ కనిపిస్తే ఆ మాటకు బలం చేకూరుతుంది. సముదాయ స్థాయిలో చెప్పాల్సింది జాతుల జాబితా, వాటి మధ్య సంబంధాలు మారాయని: నీటిపక్షులు తగ్గాయి, ఎండిన అడుగున గడ్డి మొలిచింది, దానితో పాటు వేరే పురుగులు వచ్చాయి. ఆవరణ వ్యవస్థ స్థాయిలో చెప్పాల్సింది వాన తగ్గడంతో రెట్ట ద్వారా వచ్చే పోషకాల రాబడి కూడా తగ్గిందని.

రాసిన వాక్యం ఏ స్థాయిదో పోల్చుకోవడానికి దాని కర్తను చూస్తే చాలు. ఒక్క జాతి సంఖ్య గురించి అయితే అది జనాభా వాక్యం. రెండు లేదా అంతకంటే ఎక్కువ జాతుల సంబంధం గురించి అయితే సముదాయ వాక్యం. జీవులకూ నీరు, మట్టి, ఎండలకూ మధ్య పదార్థం లేదా శక్తి కదలిక గురించి అయితే ఆవరణ వ్యవస్థ వాక్యం. వ్యాసంలో ఒక్కో స్థాయికి నిర్వచనం, ఆ స్థాయికే చెందిన ఒక లక్షణం, ఒకే చోటు నుంచి తీసుకున్న ఉదాహరణ వరుసగా ఇస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.