కార్నో చక్రం: వైశాల్యాల్లో చదివే ఉష్ణం, పని

కార్నో చక్రాన్ని పీడనం, ఘనపరిమాణం అక్షాలుగా గీస్తే నాలుగు వంపుగీతల మధ్య ఇరుకైన బొమ్మ వస్తుంది. దాని వైశాల్యం కట్టడం అంత తేలిక కాదు. అదే చక్రాన్ని ఉష్ణోగ్రత, ఎంట్రోపీ అక్షాలుగా గీస్తే మామూలు దీర్ఘచతురస్రం వస్తుంది. పొడవును వెడల్పుతో హెచ్చవేయడం తెలిసినవారెవరైనా ఇంజను ఎంత వేడి తీసుకుంది, ఎంత వదిలింది, ఎంత పని చేసింది అన్నవి అందులోంచి చదవగలరు.

ఈ చక్రాన్ని ఊహించిన ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నోకు ఈ పటం తెలియదు. ఆయన పుస్తకం 1824లో వెలువడింది. 1834లో క్లాపేరాన్ ఆ ఆలోచనను పీడన–ఘనపరిమాణ పటంగా గీశాడు. ఎంట్రోపీ అనే మాటను క్లాసియస్ 1865లో గానీ ప్రవేశపెట్టలేదు. దాన్ని ఒక అక్షంగా తీసుకుని పటాలు గీయడం ఎంత ఉపయోగమో 1873లో అమెరికన్ శాస్త్రవేత్త గిబ్స్ వివరించాడు.

పటాన్ని చదవాలంటే ఎంట్రోపీ గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఒక వస్తువుకు ఉత్క్రమణీయంగా, అంటే వచ్చిన దారినే తిరిగి వెనక్కి నడపగలిగేటట్టుగా, కొంత ఉష్ణం ఇచ్చామనుకుందాం. ఆ ఉష్ణాన్ని అప్పటి పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేదే వస్తువు ఎంట్రోపీలో పెరుగుదల. దీన్నే తిరగేస్తే, ఉష్ణం అంటే ఉష్ణోగ్రతను ఎంట్రోపీ మార్పుతో గుణించగా వచ్చేది. పటంలో ఉష్ణోగ్రత ఎత్తు, ఎంట్రోపీ మార్పు వెడల్పు. కాబట్టి గీత కింద అడుగు దాకా ఉన్న వైశాల్యమే ఉష్ణం. గీత కుడివైపు సాగితే వేడి లోపలికి వస్తున్నట్టు, ఎడమవైపు సాగితే బయటికి పోతున్నట్టు. నిట్టనిలువుగా ఉంటే వేడి రాకా లేదు, పోకా లేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. పిస్టన్ బిగించిన సిలిండరులో ఆదర్శ వాయువు ఉంది. వేడి ఇచ్చే ఆశయం 600 కెల్విన్ల దగ్గర, వేడిని పుచ్చుకునే ఆశయం 300 కెల్విన్ల దగ్గర ఉన్నాయి. చక్రం మొదలయ్యే ఎ బిందువు వద్ద వాయువు 600 కెల్విన్ల ఉష్ణోగ్రతలో ఉంది. అక్కడ ఎంట్రోపీ కెల్విన్‌కు 1 కిలోజౌల్ అని లెక్క పెట్టుకుందాం. ఇక్కడ అవసరమయ్యేవి తేడాలే కనుక ఈ ఆరంభ విలువ ఎంతైనా ఫర్వాలేదు.

మొదటి అంచెలో వాయువు వేడి ఆశయాన్ని తాకుతూ, 600 కెల్విన్ల దగ్గరే ఉంటూ మెల్లగా వ్యాకోచిస్తుంది. ఎంట్రోపీ 1 నుంచి 3కు పెరుగుతుంది. పటంలో ఇది ఎ నుంచి బికి కుడివైపు సాగే అడ్డగీత. రెండో అంచెలో సిలిండరుకు ఉష్ణబంధకం కప్పుతారు. వేడి ఏదీ లోపలికి రాదు, అయినా వాయువు పిస్టన్‌ను నెడుతూనే ఉంటుంది. ఆ పనికి తన అంతర్గత శక్తినే ఖర్చు పెట్టుకోవాలి కనుక 300 కెల్విన్లకు చల్లబడుతుంది. ఇది బి నుంచి సికి దిగే నిలువు గీత. మూడో అంచెలో వాయువును చల్లని ఆశయానికి తాకించి నొక్కుతారు. ఉష్ణోగ్రత 300 దగ్గరే నిలుస్తుంది, ఎంట్రోపీ 3 నుంచి 1కి తగ్గుతుంది. ఇది సి నుంచి డికి ఎడమవైపు వెళ్ళే గీత. నాలుగో అంచెలో మళ్ళీ ఉష్ణబంధకం కప్పి ఇంకా నొక్కితే వాయువు 600 కెల్విన్లకు వేడెక్కి ఎ దగ్గరకు చేరుతుంది. దీర్ఘచతురస్రం మూసుకుంటుంది.

పై గీత కింద అడుగు వరకు వైశాల్యం 600ను 2తో గుణిస్తే 1200. ఇంజను తీసుకున్న వేడి 1200 కిలోజౌళ్ళు. కింది గీత అడుగున ఉన్న పట్టీ 300ను 2తో గుణిస్తే 600. అది వదిలిన వేడి. చక్రం పూర్తయ్యాక వాయువు మొదటి స్థితికే వచ్చింది, దాని అంతర్గత శక్తి మారలేదు. అందుచేత తీసుకున్నదానిలో వదిలింది పోగా మిగిలిన 600 కిలోజౌళ్ళూ పనిగా మారి ఉండాలి. పటంలో అదే ఎ, బి, సి, డి గీతలు చుట్టుముట్టిన వైశాల్యం. దక్షత 50 శాతం.

రెండు వైశాల్యాలకూ వెడల్పు ఒకటే కాబట్టి, భాగిస్తే వెడల్పు ఎగిరిపోయి ఎత్తులే మిగులుతాయి. దక్షతను నిర్ణయించేవి రెండు ఉష్ణోగ్రతలే. లోపల ఉన్నది గాలా, ఆవిరా అన్నదానితో పని లేదు. బాణాలను తిప్పి అపసవ్యంగా నడిపితే ఇదే బొమ్మ రిఫ్రిజిరేటరు అవుతుంది. అప్పుడు 600 కిలోజౌళ్ళ పని పెట్టి, చల్లని వైపు నుంచి 600 కిలోజౌళ్ళ వేడి తీసి, వేడి వైపున 1200 వదలాలి.

ఈ పటం చదవడంలో తరచు జరిగే పొరపాటు అడుగు గీత విషయంలోనిది. ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో గుర్తిస్తే పై గీత 327 దగ్గర, కింది గీత 27 దగ్గర కనిపిస్తాయి. అప్పుడు దక్షత దాదాపు 92 శాతం అన్న తప్పు లెక్క వస్తుంది. మధ్య దీర్ఘచతురస్రం మారలేదు, కానీ అడుగున 273 డిగ్రీల ఎత్తున్న పట్టీ లెక్కలోంచి జారిపోయింది. ఉష్ణం చదవాలంటే అడుగు గీత పరమ శూన్యం దగ్గరే ఉండాలి.

రెండో పొరపాటు మరింత సూక్ష్మమైనది. రెండో అంచెలో ఘర్షణ ఉందనుకుందాం. బయటి నుంచి వేడి రాకపోయినా లోపలే ఎంట్రోపీ పుడుతుంది. నిలువు గీత కుడికి వాలి, 3 దగ్గర కాక 3.2 దగ్గర అడుగుకు చేరుతుంది. బొమ్మ కాస్త వెడల్పయి, చుట్టిన వైశాల్యం 630కి పెరుగుతుంది. పని పెరిగిందని అనిపిస్తుంది. నిజానికి తగ్గింది. వాయువును మళ్ళీ ఎంట్రోపీ 1కి తేవాలంటే ఇప్పుడు 300ను 2.2తో గుణించినంత, అంటే 660 కిలోజౌళ్ళ వేడి వదలాలి. తీసుకున్నది 1200యే కనుక పని 540కి పడిపోతుంది. ఆదర్శ వాయువు విషయంలో ఈ నష్టం ఘర్షణ జరిగిన వ్యాకోచంలో కాక, చల్లని వైపు నొక్కేటప్పుడు చేయాల్సిన అదనపు పనిగా బయటపడుతుంది. పోయిన 60 కిలోజౌళ్ళూ కొత్తగా పుట్టిన 0.2 ఎంట్రోపీని 300తో గుణించగా వచ్చినవే. వాలిన గీత కింది వైశాల్యం వేడి కాదు, ఎందుకంటే అక్కడ వేడి రానేలేదు. అందుకే ఇటువంటి గీతను పుస్తకాల్లో చుక్కలగీతగా వేస్తారు. ఆ గుర్తు కనిపించిన చోట వైశాల్యాన్ని పనిగా చదవకూడదు.

నిజమైన ఇంజను ఈ దీర్ఘచతురస్రాన్ని పూర్తిగా అందుకోలేదు. ఆశయానికీ వాయువుకూ ఉష్ణోగ్రతలో తేడా లేకపోతే వేడి అంతులేనంత మెల్లగా పారుతుంది, ఇంజను పని చేసినా దాని సామర్థ్యం సున్నా అవుతుంది. తేడా ఉంచితే వేగం వస్తుంది, కానీ పై గీత వేడి ఆశయం కంటే కిందికి, కింది గీత చల్లని ఆశయం కంటే పైకి జరిగి మధ్య వైశాల్యం కుదించుకుపోతుంది. ఘర్షణలన్నీ పోయాయనుకున్నా అడుగు పట్టీ మాత్రం పోదు. చల్లని ఆశయం పరమ శూన్యానికి చేరితేనే దాని ఎత్తు సున్నా అవుతుంది, అటువంటి ఆశయం ఎక్కడా లేదు.